సింహాచలం కథను మూడు నిమిషాల వీడియోలో చెప్పడం ఎలా: శాసనం చెప్పేది వేరు, స్థలపురాణం చెప్పేది వేరు

సింహాచలం మీద వచ్చే చిన్న వీడియోలు చాలావరకు ఒకే తీరున మొదలవుతాయి. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి సముద్రంలోకి తోయించాడు, స్వామి వచ్చి కాపాడాడు, ప్రహ్లాదుడు ఇక్కడ గుడి కట్టించాడు, తర్వాత పురూరవుడు వచ్చాడు, తర్వాత నరసింహదేవుడు 1268లో కట్టించాడు, తర్వాత శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడు. ఇవన్నీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో, ఒకే సంగీతం మీద సాగిపోతాయి. పురూరవునికీ కృష్ణదేవరాయలకూ మధ్య తేడా ఏమిటో చూసేవారికి తెలిసే దారే ఉండదు. ఒకరి రాక స్థలపురాణంలో ఉంది, మరొకరి రాక రాతి మీద తిథితో సహా చెక్కి ఉంది. రెంటినీ చెప్పవచ్చు, చెప్పాలి కూడా, కానీ ఏది ఏదో వినేవారికి తెలిసేలా చెప్పాలి. ఆ పని ఎలా చేయాలో సింహాచలాన్నే ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. మీ ఊరి క్షేత్రానికి పేర్లు మారతాయి గాని పద్ధతి మారదు.

మొదటి అడుగు: ఒక్క ప్రశ్న ఎంచుకోండి

తెలుగులో నిదానంగా, స్పష్టంగా చదివితే నిమిషానికి సుమారు నూరు మాటలు పడతాయి. మీ గొంతుకు ఎన్ని పడతాయో గడియారం పెట్టుకుని ఒకసారి చదివి చూసుకోండి. మూడు నిమిషాల వీడియో అంటే మూడు వందల మాటలకు మించదు. అందులో గిరి ప్రదక్షిణ, కప్పస్తంభం, చందనోత్సవం, గంగరాజులు, రాయలవారు అన్నీ పట్టవు. అన్నీ పట్టించాలని చూస్తే మొదట రాలిపోయేవి “అని స్థలపురాణం చెబుతోంది”, “అని శాసనంలో ఉంది” వంటి మాటలే. అవి రాలిపోయాక మిగిలేది కలగాపులగం.

కాబట్టి ఒక్క ప్రశ్న తీసుకోండి. ఇక్కడ మనం “సింహాచలం గుడి ఎంత పాతది?” అనే ప్రశ్న తీసుకుందాం. ఈ ప్రశ్నకు రాతలూ ఒక జవాబు చెబుతాయి, కథలూ ఒక జవాబు చెబుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టడానికి ఇది అనువైన ప్రశ్న.

రెండో అడుగు: వాక్యానికొక వరుస

మీకు తెలిసిన సంగతులన్నీ కాగితం మీద వరుసకు ఒక్క వాక్యం చొప్పున రాసుకోండి. ఒక వరుసలో రెండు సంగతులు పెట్టవద్దు. తర్వాత ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడినుంచి వచ్చిందో రాయండి. నేను నాలుగు గుర్తులు వాడతాను: శాసనం, పాత రచన, స్థలపురాణం లేదా వాడుక కథ, కళ్లెదుట ఉన్నది. నాలుగోదాన్ని చాలామంది మరచిపోతారు. గర్భాలయం పడమరకు తిరిగి ఉండడం, స్వామి ఏడాది పొడవునా చందనంలో ఉండి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో దర్శనమివ్వడం ఎవరైనా వెళ్లి చూడగల సంగతులు. వాటికి శాసనమూ అక్కరలేదు, పురాణమూ అక్కరలేదు. అయితే “ఎందుకు అలా ఉంది?” అని అడిగిన మరుక్షణం మీరు నాలుగో గుర్తు దాటి మూడో గుర్తులోకి అడుగుపెడతారు. ఆ గడప ఎక్కడుందో కాగితం మీదే గీసుకోవాలి.

“గూగుల్‌లో చూశాను”, “పెద్దలు చెప్పారు”, “ఇంకో వీడియోలో ఉంది” అన్నవి గుర్తులు కావు. వాటి పక్కన ఖాళీ వదలండి. ఖాళీ నిండని వాక్యం వీడియోలోకి రాదు. “ఈ ఆలయం వేల ఏళ్ల నాటిది” అనే వాక్యం నా కాగితంలో చాలాసార్లు ఇలాగే ఖాళీగా మిగిలిపోయింది.

మూడో అడుగు: శాసనం ఏం చెప్పలేదో చూడండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. సింహాచలం శాసనాల పాఠాలను పురావస్తు శాఖవారు దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో ఆరవదానిలో అచ్చువేశారు. ఈ సంపుటాల స్కాన్ ప్రతులు archive.org లో దొరుకుతాయి. ఆరవ సంపుటంలో తెలుగు శాసనాల పాఠం తెలుగు లిపిలోనే ఉంటుంది గాని అనువాదం ఉండదు. పాత తెలుగు, సంస్కృతం మీకు కొరుకుడు పడకపోతే దగ్గరి కళాశాలలో చరిత్ర గాని తెలుగు గాని చెప్పే అధ్యాపకుల దగ్గరికి ఆ ఒక్క పుట తీసుకువెళ్లండి. పుస్తకమంతా చదివిపెట్టమంటే ఎవరికీ తీరిక ఉండదు, ఒక పుట అయితే చాలామంది కూర్చోబెట్టి చెబుతారు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఇక్కడ దొరికిన శాసనాల్లో పాతది కులోత్తుంగ చోళుని కాలానిది, అంటే 11వ శతాబ్ది చివరి భాగానిది. దాని సంవత్సరాన్ని కొందరు 1087 అని, కొందరు 1098 అని ఇస్తారు. ఇలాంటప్పుడు మీకు నచ్చిన అంకెను ఎంచుకోకండి. “11వ శతాబ్ది చివర” అంటే సరిపోతుంది, తప్పూ పోదు. ఆ శాసనం ఒక దానాన్ని నమోదు చేసింది, గుడి కట్టడాన్ని కాదు. దానం పుచ్చుకోవడానికి గుడి అప్పటికే ఉండాలి. కాబట్టి దీనినుంచి మీరు చెప్పగలిగిన వాక్యం “11వ శతాబ్ది చివరికే ఇక్కడ ఆలయం ఉంది” అన్నదే. “కులోత్తుంగుడు కట్టించాడు” అనకూడదు, “అప్పుడే మొదలైంది” అనీ అనకూడదు. శాసనం గుడి వయసుకు ఒక హద్దు చూపిస్తుంది. ఆ హద్దుకు వెనక ఎంత కాలం ఉందో అది చెప్పదు.

రెండోది తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుని కాలపు నిర్మాణాన్ని చెప్పే శాసనం. కోణార్క సూర్యదేవాలయం కట్టించిన రాజు ఈయనే. శాసనం 1267–68 నాటిది. ఇక్కడే నేను ఒకసారి బోల్తా పడ్డాను. నా మొదటి వీడియోలో “1268లో నరసింహదేవుడు ఈ గుడి కట్టించాడు” అని గట్టిగా చెప్పేశాను. తర్వాత రాజుల పాలనాకాలాల పట్టిక చూస్తే ఆయన పాలన 1264తో ముగిసినట్టు ఉంది. శాసనం అబద్ధమాడలేదు, నేను దాన్ని తప్పుగా చదివాను. శాసనం వేయించిన ఏడాది, గుడి పని జరిగిన ఏడాది ఒకటే కానవసరం లేదు. ఇప్పుడైతే నేను “ఈ రోజు మనం చూసే ముఖ్యాలయం నరసింహదేవుని కాలపు నిర్మాణమని 1267–68 నాటి శాసనం వల్ల తెలుస్తోంది” అంటాను. వాక్యంలో సంవత్సరం శాసనానికి అంటుకుని ఉంది, గోడకు కాదు.

మూడోది కృష్ణదేవరాయల రాక. ఒడిశా రాజు గజపతి మీద దండయాత్రలో రాయలు 1516లోనూ, మళ్లీ 1519లోనూ సింహాచలం వచ్చి స్వామికి కానుకలు సమర్పించినట్టు శాసనాలున్నాయి. శాసనంలో క్రీస్తు శకం ఉండదు, శాలివాహన శకం ఉంటుంది. దానికి 78 కలిపితే మనకు కావలసిన సంవత్సరం వస్తుంది. శక 1438కి 78 కలిపితే 1516. తిథి పుష్యం చివరనో, మాఘ ఫాల్గుణాల్లోనో పడితే అప్పటికి జనవరి ఒకటి దాటిపోతుంది కనుక 79 కలపాలి. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి శాసనంలోని సంవత్సరనామం పనికి వస్తుంది. 1516 ఉగాదితో మొదలైనది ధాతు సంవత్సరం. శక సంఖ్య పక్కన వేరే పేరు కనిపిస్తే మీరు అంకె తప్పు చదివారో, అచ్చుతప్పు ఉందో మళ్లీ చూడండి.

రాయలవారు సమర్పించినది అంటూ ఒక పచ్చల పతకం గురించి చెబుతారు. ఇక్కడ రెండు వాక్యాలు ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి, విడదీయండి. రాయలు ఆభరణాలు సమర్పించాడన్నది శాసనం మాట. ఇప్పుడు చూపించే ఆభరణం ఆనాటిదే అన్నది వేరే మాట, దానికి వేరే ఆధారం కావాలి. శాసనాన్ని చూపి రెండో మాటను నమ్మించడం వీడియోలు చేసేవారు తెలియక చేసే పొరపాట్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది.

శాసనంలో ఉన్నదల్లా జరిగినదే అనుకోవడం కూడా పొరపాటే. రాజుగారి బిరుదులు, ఆయన గెలిచిన దేశాల వరుస పొగడ్త కోసం రాసినవి. ఇచ్చిన భూమి, పెట్టిన దీపం, తిథి, సాక్షులు లెక్క కోసం రాసినవి. మీ వీడియోకు లెక్క భాగం తీసుకోండి.

నాలుగో అడుగు: కథను దాని మాటల్లోనే వినండి

శాసనాలకు పడ్డ శ్రమలో సగమైనా స్థలపురాణానికి పడకపోతే వీడియో ఒంటికాలి మీద నిలబడుతుంది. సింహాచలం స్థలపురాణం ప్రకారం ప్రహ్లాదుని కోరిక మీద స్వామి వరాహ నరసింహ రూపాలను కలిపి ఇక్కడ వెలిశాడు. కృతయుగం ముగిశాక పూజలు ఆగి విగ్రహం చుట్టూ పుట్ట పెరిగింది. పురూరవ చక్రవర్తి ఊర్వశితో విమానంలో ఇటు వచ్చి స్వామిని కనుగొన్నాడు. పుట్టమన్ను తొలగించాక, ఆ మన్నుకు బదులుగా చందనం కప్పి ఏడాదికొక్కనాడు మాత్రమే నిజరూపం చూపమని ఆకాశవాణి పలికింది. ఈ కథ చెప్పేటప్పుడు “పురాతన కాలంలో”, “కొన్ని వేల సంవత్సరాల క్రితం” అని చరిత్ర భాష తొడగకండి. కథలోనే కాలం ఉంది, దాని పేరు కృతయుగం. ఆ మాటే వాడండి. కథకు గౌరవమూ దక్కుతుంది, వినేవారు దాన్ని సంవత్సరాల్లోకి మార్చుకునే పొరపాటూ చేయరు.

అర్చకస్వాములను అడిగేటప్పుడు “ఇది నిజమేనా?” అని అడగకండి. “ఈ కథ మీ పెద్దలు ఎలా చెప్పేవారండీ?” అని అడగండి. మొదటి ప్రశ్నకు ఆయన సమర్థించుకోవలసి వస్తుంది, రెండో ప్రశ్నకు కథ చెబుతారు. ఒక్కొక్కరు ఒక్కో తీరున చెబితే ఆ తేడాలను రాసుకోండి. రామానుజాచార్యులు ఇక్కడికి వచ్చినప్పుడు జరిగినట్టు చెప్పే కథ ఉంది. అంతకుముందు ఇది శివక్షేత్రమని, చందనం పూత అప్పటినుంచే వచ్చిందని ఆ కథ చెబుతుంది. అదే చందనానికి పురూరవుని కథ ఇంకో కారణం చెబుతోంది కదా. రెండు కథలు ఒకే ఆచారానికి రెండు కారణాలు ఇస్తున్నప్పుడు మీరు తీర్పరి కాకండి. మూడు నిమిషాల్లో ఒకటే చెప్పగలిగితే ఒకటే చెప్పి, “ఇంకో కథ కూడా ఉంది” అని ఒక్క ముక్క చేర్చండి. రామానుజుల కథను మాత్రం శైవ వైష్ణవ వివాదంగా మార్చి శీర్షికలో పెట్టడం నాకు నచ్చదు. చూసేవారు పెరుగుతారు, సంగతి మాత్రం చస్తుంది.

ఈ రెంటికీ మధ్య ఉండే పాత రచన అనే గుర్తుకు మంచి ఉదాహరణ గోగులపాటి కూర్మనాథ కవి సింహాద్రి నారసింహ శతకం. ఆయన 18వ శతాబ్దపు కవి. తురుష్కులు దండెత్తి వచ్చినప్పుడు కవి స్వామిని మొరపెట్టుకోగా తుమ్మెదల గుంపు వచ్చి సేనను తరిమిందని చెబుతారు. తుమ్మెదలు వచ్చాయా లేదా అన్నది శతకం వల్ల తేలదు. దండు భయం ఈ కొండ దాకా పాకిందని, కవి దాని మీద పద్యాలల్లి స్వామిని నిలదీశాడని మాత్రం తేలుతుంది. అంటే భయానికీ మొరకూ రాత ఆధారం ఉంది, తుమ్మెదలకు జనం మాట ఆధారం. ఈ తేడాను ఒక్క వాక్యంలో ఇలా చెప్పవచ్చు: “దండు వచ్చిందని కవి పద్యాల్లో మొరపెట్టుకున్నాడు, తుమ్మెదలు తరిమాయని జనం చెప్పుకుంటారు.”

ఐదో అడుగు: క్రియాపదం దగ్గర జాగ్రత్త

తెలుగులో ఈ పనికి ఒక సౌకర్యం ఉంది. “కట్టించాడు” అంటే చెప్పేవాడు పూచీ పడుతున్నాడు, “కట్టించాడట” అంటే విన్నమాట చెబుతున్నాడు. ఒక్క అక్షరంతో పని జరిగిపోతుంది. అయినా వీడియోలో ఈ “ట”ను నేను వాడను. కాగితం మీద అది వినికిడిని సూచిస్తుంది గాని గొంతులో కొంచెం సాగితే ఎకసెక్కంగా వినిపిస్తుంది. “స్వామి వచ్చాడట” అన్నప్పుడు భక్తుడికి చివుక్కుమంటుంది, మీ ఉద్దేశం అది కాకపోయినా సరే. దాని బదులు ఎవరు చెబుతున్నారో ఆ కర్తను వాక్యంలో పెట్టండి: “స్థలపురాణం చెబుతోంది”, “ఇక్కడివారు చెప్పుకుంటారు”, “శాసనంలో ఉంది”, “కవి రాశాడు”. “ప్రతీతి”, “ఐతిహ్యం” మంచి మాటలే గాని చెవికి దూరంగా ఉంటాయి. వ్యాసానికి ఉంచుకోండి.

ఆధారం పేరు వాక్యం మొదట్లోనే రావాలి. “ప్రహ్లాదుడు ఇక్కడ తొలి ఆలయం కట్టించి, స్వామిని ప్రతిష్ఠించి, చాలాకాలం పూజించాడని స్థలపురాణం చెబుతోంది” అంటే వినేవారు చివరి రెండు మాటల దాకా దాన్ని చరిత్రగానే వింటారు. “స్థలపురాణం ప్రకారం తొలి ఆలయం ప్రహ్లాదుడు కట్టించాడు” అంటే మొదటి మాటకే వారి చెవి సర్దుకుంటుంది.

మన ప్రశ్నకు నేను రాసుకున్న మాటల్లో నడిమి భాగం ఇది:

“ఈ గుడి ఎంత పాతది? స్థలపురాణాన్ని అడిగితే కృతయుగం అంటుంది. ప్రహ్లాదుడు మొదట పూజించిన స్వామి ఈయనే అని చెబుతుంది. రాళ్లను అడిగితే ఇంకో జవాబు వస్తుంది. ఇక్కడ దొరికిన పాత శాసనం 11వ శతాబ్ది చివరిది. అందులో ఉన్నది స్వామికి ఇచ్చిన దానం. అంటే అప్పటికే గుడి ఉంది, ఎప్పటినుంచి ఉందో ఆ రాయి చెప్పదు. ఇప్పుడు మనం నిలబడి చూస్తున్న ముఖ్యాలయం నరసింహదేవుని కాలపు పని అని 1267–68 నాటి శాసనం వల్ల తెలుస్తోంది.”

ఇది సుమారు యాభై మాటలు, అర నిమిషం పైచిలుకు. కథకూ రాతికీ ఒక్కొక్క జవాబు దక్కింది, ఒకదానితో మరొకదాన్ని కొట్టలేదు. “కానీ నిజానికి” అనే మాట ఎక్కడా లేదని గమనించండి. ఆ మాట పడిన చోట అంతకుముందు చెప్పిన కథ అబద్ధమని మీరు తీర్పు ఇచ్చినట్టే.

ఆరో అడుగు: బొమ్మ కూడా సాక్ష్యమే

మాట జాగ్రత్తగా రాసి బొమ్మ దగ్గర తప్పు చేసేవారు ఎక్కువ. ప్రహ్లాదుని కథ చెబుతూ ఆలయ గోడ మీది నరసింహ శిల్పం చూపిస్తే, ఆ శిల్పం కథకు రుజువు అన్నట్టు కనిపిస్తుంది. శిల్పం గాంగుల కాలపు ఆలయంలోది. చూపించాలంటే “ఆలయ గోడ మీది శిల్పం” అని కింద రాయండి. కథ నడిచేటప్పుడు గీసిన బొమ్మ గాని, కొండ, చెట్లు, మెట్లదారి వంటి దృశ్యాలు గాని వాడండి. శాసనం గురించి చెప్పేటప్పుడు ఆ శాసనాన్నే చూపండి. అక్షరాలున్న ఏదో ఒక రాయి చూపిస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు, చదవగలవారు చూస్తారు. ఆ రాయి ఫొటో దొరకకపోతే అచ్చు సంపుటంలోని పుటను చూపండి.

తెర మీద ఒక మూల, ఎప్పుడూ అదే మూల, చిన్న పట్టీ ఉంచండి. కథ నడుస్తున్నంతసేపూ “స్థలపురాణం”, రాతి మాట నడుస్తున్నంతసేపూ “శాసనం” అని ఉండాలి. రంగులు మార్చినా సరే గాని రంగు ఒక్కటే చాలదు, అక్షరాలు ఉండాలి. శాసనానికి గంభీరమైన సంగీతం, కథకు పిల్లనగ్రోవి పెట్టడం వంటివి కూడా తీర్పులే. రెంటికీ ఒకే సంగీతం ఉంచండి, లేదా మాట నడిచేటప్పుడు సంగీతమే వద్దు. గర్భాలయంలో చిత్రీకరణకు దిగకండి. ప్రాకారం లోపల కెమెరా తీయాలన్నా ముందు దేవస్థానం కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఆ దరఖాస్తులో ఏ శాసనస్తంభం ఫొటో కావాలో గుర్తులతో రాస్తే పని సులువు.

చివరి అడుగు: విడుదలకు ముందు మూడు పరీక్షలు

మొదటిది కత్తిరింపు పరీక్ష. మీ వీడియోలో ఎక్కడైనా పది సెకన్ల ముక్క కోసి వేరుగా వినండి. ఆ ముక్కలో ఆధారం పేరు వినబడకపోతే గాని, తెర మీద కనబడకపోతే గాని ఆ వాక్యం తిరగరాయండి. మీ వీడియోను ఎవరో కోసి వాట్సాప్‌లో పంపుతారు, అక్కడికి మీ వివరణ వెళ్లదు, ఆ ముక్కే వెళుతుంది.

రెండోది విన్నవారి పరీక్ష. విషయం తెలియని ఇద్దరికి చూపి, మర్నాడు “ప్రహ్లాదుడు గుడి కట్టించాడని ఎవరు చెప్పారు? నరసింహదేవుడి సంగతి ఎలా తెలిసింది?” అని అడగండి. నేను మా పెద్దమ్మకు చూపిస్తే “రాయి మీద రాసుందన్నావు కదరా” అని రాయల దగ్గర సరిగానే చెప్పింది, పురూరవుడి దగ్గర కూడా అదే చెప్పింది. వెతికితే ఆ ఇద్దరి మధ్య నేను తెర మీది పట్టీ మార్చడం నాలుగు సెకన్లు ఆలస్యం చేశాను.

మూడోది శీర్షిక పరీక్ష. లోపల ఎంత జాగ్రత్తగా చెప్పినా పైన “కృతయుగం నాటి గుడి, సాక్ష్యం ఇదిగో” అని పెడితే లోపలిదంతా వృథా. ఇక్కడ “సింహాచలం ఎంత పాతది? పురాణం జవాబు, రాతి జవాబు” అని పెట్టుకోవచ్చు. వీడియో కింద వివరణలో ఏ వాక్యానికి ఏ సంపుటం, ఏ శాసనం సంఖ్య, ఏ పుట ఆధారమో మీ కాగితంలోనుంచి ఎత్తి రాయండి. కథను ఎవరి నోట విన్నారో వారు ఒప్పుకుంటే పేరు, ఒప్పుకోకపోతే “ఆలయ అర్చకులు ఒకరు” అని రాయండి. ఎవరైనా తప్పు చూపిస్తే ఆ వరుసకే వెళ్లి సరిచూసుకుని, సవరణను తేదీతో సహా అక్కడే చేర్చండి.